పిల్లల మ్యాచ్‌కి రిఫరీగా నిలబడితే గొడవైంది. వచ్చే ఆదివారం మళ్లీ నాదే విజిల్, సలహా చెప్పండి

గోల్‌కీపర్ అమ్మ:
నమస్కారమండీ. మా వాడు పదేళ్లలోపు పిల్లల జట్టులో ఫుట్‌బాల్ ఆడతాడు, గోల్‌కీపర్. మ్యాచ్ నడిపించడానికి ఎవరూ లేరంటే పేరెంట్‌గా నేనే ముందుకొచ్చాను. ఇప్పటికి రెండు మ్యాచ్‌లు చేశాను. మొదటిది బాగానే గడిచింది. రెండోది రసాభాస అయింది.

మొదట ఒక త్రో దగ్గర తికమక పడ్డాను. రెండో సగంలో జట్లు వైపులు మారాయన్న ధ్యాసే లేదు. నీలం జట్టుకి ఇవ్వాలనుకుని చెయ్యి మాత్రం ఎర్రజట్టు ఆడే వైపు చూపించాను. ఇద్దరు పిల్లలు బంతి పట్టుకుని లాక్కున్నారు.

ఆ తర్వాతది ఇంకా పెద్దది. మా వాడి జట్టులో ఒక పిల్లాడు బంతిని కావాలనే వెనక్కి మా వాడికి తన్నాడు, వీడు చేతుల్తో ఎత్తేసుకున్నాడు. అది తప్పని తెలుసు కాబట్టి విజిల్ ఊది, ఎదుటి జట్టుకి ఫ్రీకిక్ ఇచ్చి, గోల్ వైపు చెయ్యి చూపించాను. వాళ్లు నేరుగా కొట్టారు, గోల్ పడింది. గోల్ ఇచ్చేశాను. మా వైపు ఒక పెద్దాయన లైను దాటి లోపలికి వచ్చేసి "అది నేరుగా కొట్టే కిక్కు కాదు, నీకు రూల్సే తెలీవు" అని అందరి ముందూ అరిచారు. అటువైపు వాళ్లు "ఇచ్చాక వెనక్కి తీసుకుంటారా" అని. నేనూ గొంతు పెంచాను. ఐదు నిమిషాలు ఆట ఆగిపోయింది. మా వాడు గోల్‌పోస్టు పట్టుకుని ఏడుస్తూ నిలబడ్డాడు.

ఆయన చెప్పింది నిజమేనా? అలాంటప్పుడు ఏం చేయాలి? చేతి సైగలు ఎన్ని నేర్చుకుంటే సరిపోతుంది?

లెఫ్ట్ బ్యాక్:
మేడమ్, ఒకటే మాట. విజిల్ గట్టిగా ఊదాలి. త్రోకీ, గోల్‌కిక్‌కీ, అన్నిటికీ ఊదాలి. అప్పుడే అందరికీ భయం ఉంటుంది. ఒకసారి ఇచ్చిన నిర్ణయం ఏం జరిగినా మార్చకూడదు. మార్చారంటే మీ పని అయిపోయినట్టే. అరిచే పేరెంట్‌కి పసుపు కార్డు చూపించండి, నోరు మూస్తారు. ఇంకోటి, ఆ పెద్దాయన చెప్పింది కరెక్టే. వెనక్కి తన్నిన బంతిని కీపర్ పట్టుకుంటే వచ్చేది ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్.

ముగ్గురు పిల్లల నాన్న:
మా పెద్దాడిదీ ఇదే బాధండీ. ప్రతి నిర్ణయానికీ రిఫరీ దగ్గరికి పరిగెత్తి వాదిస్తాడు, ఇంట్లో ఎంత చెప్పినా వినడు. అలాంటి పిల్లల్ని ఎలా మార్చాలో ఎవరైనా చెప్పండి, నాకూ పనికొస్తుంది.

గోల్‌కీపర్ అమ్మ:
అన్నయ్యగారూ, నా ప్రశ్న పిల్లల గురించి కాదండీ. నిజానికి పిల్లలు ఒక్క మాటా అనలేదు. పెద్దవాళ్లతోనే వచ్చింది.

పాత విజిల్:
అమ్మా, నేను పిల్లల మ్యాచ్‌లకి చాలా ఏళ్లుగా రిఫరీగా నిలబడుతున్నాను. మొదట్లో నావీ మా అమ్మాయి ఆడిన మ్యాచ్‌లే. మీకు జరిగినదాన్నే తీసుకుని చెప్తాను. అందులో అన్నీ ఉన్నాయి.

మీరు తప్పు పట్టుకోవడం సరైనదే. ఆ కిక్కు ఇన్‌డైరెక్ట్ అన్నదీ నిజమే. అంటే కొట్టిన బంతి లోపలికి వెళ్లేముందు ఇంకో ఆటగాడికి తగలాలి. ఆ సంగతి అందరికీ చెప్పే సైగ ఒక్కటే: విజిల్ ఊదాక చెయ్యి తలపైకి నిటారుగా ఎత్తి, కిక్కు కొట్టి ఇంకొకరికి తగిలేదాకా అలాగే ఉంచాలి. మీరు చెయ్యి ముందుకు చాపారు, అది డైరెక్ట్ ఫ్రీకిక్ సైగ. కొట్టినవాడు మీ చెయ్యి చూసి నేరుగా కొట్టాడు. వాడి తప్పేం లేదు.

చాలామందికి తెలియని సంగతి ఇక్కడే ఉంది. రిఫరీ చెయ్యి ఎత్తడం మర్చిపోయి, ఆ కిక్కు నేరుగా గోల్‌లో పడితే, గోలూ ఇవ్వరు, గోల్‌కిక్కూ ఇవ్వరు. మళ్లీ కొట్టిస్తారు. అది నియమాల్లోనే ఉంది. అంటే ఆ రోజు మీరు "చెయ్యి ఎత్తకపోవడం నా పొరపాటు, కిక్కు మళ్లీ కొడదాం" అంటే సరిపోయేది, రెండు వైపులా.

"ఇచ్చాక మార్చకూడదు" అన్న లెఫ్ట్ బ్యాక్ గారి మాట సగమే నిజం. ఆట మళ్లీ మొదలైతే మార్చడానికి వీల్లేదు. మొదలవకపోతే మార్చొచ్చు. మీ విషయంలో మధ్య నుంచి కిక్కాఫ్ కొట్టేదాకా మీకు సమయం ఉంది. నాకే ఒకసారి ఇలా అయింది. బంతి గీత దాటింది, గోల్‌కిక్ అని చూపించాను. ఆ డిఫెండర్ పిల్లాడే వచ్చి "నాకే తగిలింది అంకుల్" అన్నాడు. బంతి ఇంకా కదల్లేదు. వెంటనే కార్నర్ వైపు చెయ్యి చూపించి, "వాడే చెప్పాడు, కార్నర్" అని గట్టిగా అన్నాను. ఒక్క అరుపూ రాలేదు. అరుపులకి లొంగి మార్చడం వేరు, కొత్త సంగతి తెలిసి మార్చడం వేరు. చూసేవాళ్లకి ఆ తేడా బాగానే తెలుస్తుంది.

పాత విజిల్:
ఇక సైగలు. పిల్లల మ్యాచ్‌కి ఇవి చాలు: డైరెక్ట్ కిక్కుకి చెయ్యి పక్కకి భుజం ఎత్తులో చాపి ఆ జట్టు దాడి చేసే వైపు చూపడం, ఇన్‌డైరెక్ట్‌కి తలపైకి ఎత్తడం, త్రోకి వైపు చూపడం, గోల్‌కిక్‌కి గోల్ ముందున్న చిన్న పెట్టె, కార్నర్‌కి ఆ మూల, పెనాల్టీకి ఆ చుక్క. తప్పు జరిగినా దెబ్బ తగిలిన జట్టుకే లాభం ఉంటే చేతులు ముందుకు ఊపి "ఆడండి" అనడం కూడా ఉంది. కానీ మొదటి నాలుగైదు మ్యాచ్‌లు దాని జోలికి వెళ్లకండి. దానికి రెండు మూడు సెకన్లు ముందుకు చూసే అలవాటు పడాలి.

వైపు తికమక పోవాలంటే చెయ్యి ఎత్తేముందు నోటితో రంగు చెప్పండి. "నీలం!" అని ముందు మాట, ఆ తర్వాత చెయ్యి. రంగు చెప్పేలోపు మెదడు వైపు సరిచూసుకుంటుంది. రెండో సగం మొదలయ్యేముందు రెండు గోల్‌కీపర్లనూ ఒకసారి చూసి, "నీలం ఇటు కొడతారు" అని లోలోపల అనుకోండి. పదేళ్లు దాటాక కూడా నేనిది మానలేదు.

విజిల్ ప్రతిదానికీ ఊదితే పిల్లలు వినడం మానేస్తారు. బంతి స్పష్టంగా బయటికి పోతే విజిలే అక్కర్లేదు, చెయ్యి చాలు. మొదలుపెట్టడానికీ, తప్పు జరిగినప్పుడు ఆపడానికీ, సమయం అయిపోయినప్పుడూ తప్పనిసరి. మామూలు తప్పుకి చిన్నగా, పిల్లాడికి దెబ్బ తగిలితే గట్టిగా, పొడుగ్గా. ఇంట్లో కాసేపు సాధన చేయండి. భయపడుతూ ఊదిన విజిల్ పీలగా వస్తుంది, అది వినగానే అరవడం మొదలెడతారు.

సైడ్‌లైన్:
ఆ పెద్దాయన సంగతేంటి మరి? కార్డు చూపించొచ్చా?

పాత విజిల్:
లేదండీ. కార్డులు ఆటగాళ్లకీ, జట్టు బెంచీలో ఉండే కోచ్‌లాంటివాళ్లకీ మాత్రమే. బయట నిలబడి చూసే పేరెంట్‌కి చూపితే మీ చేతిలో ఉన్న కార్డుకి విలువే పోతుంది.

నేను చేసేది చెప్తాను. ఆట నడుస్తున్నంతసేపూ అరిచినవాళ్ల వైపు చూడను, జవాబివ్వను. తర్వాత బంతి ఆగినప్పుడు ఆ జట్టు కోచ్ దగ్గరికి వెళ్తాను, అరిచిన మనిషి దగ్గరికి కాదు. "మీ వైపు ఆయన్ని కాస్త చూసుకోండి" అంటాను, అంతే. రెండోసారీ అరిస్తే, లేదా ఎవరైనా గీత దాటి వస్తే, ఆట ఆపి ఇద్దరు కోచ్‌లనీ పిలుస్తాను. "ఆయన గీత వెనక్కి వెళ్లాక మొదలుపెడదాం" అని చెప్పి బంతి చేతిలో పట్టుకుని నిలబడతాను. ఆ నిశ్శబ్దం భరించడం కష్టమే, కానీ అక్కడ నోరు విప్పకండి. అందరూ ఆయన్నే చూస్తుంటారు. చాలావరకు ఆయనే వెనక్కి నడుస్తారు. అయినా తగ్గకపోతే ఆట ఆపేసే హక్కు రిఫరీకి ఉంది. తర్వాత నిర్వాహకులకి జరిగింది జరిగినట్టు రాసివ్వాలి. నేను ఇన్నేళ్లలో అక్కడిదాకా వెళ్లింది ఒక్కసారే.

మీరు గొంతు పెంచానన్నారు కదా. ఆ క్షణంలో చేతులు వెనక్కి కట్టుకోండి. వేలు చూపిస్తూ మాట్లాడితే మన గొంతూ దానితోపాటే పైకి లేస్తుంది. ఒక వాక్యం చెప్పి రెండడుగులు వెనక్కి నడిచేయండి. చెయ్యికి బంతి తగిలిందని అరిచే గొడవ మీకు ప్రతి మ్యాచ్‌లోనూ వస్తుంది. పిల్లాడు చెయ్యి ఒంటికి దగ్గరగా పెట్టుకుని ఉండగా బంతొచ్చి తగిలితే, నేను నా చెయ్యిని పక్కటెముకలకి ఆనించి చూపించి "దగ్గరే ఉంది, ఆడండి" అంటాను. వంద మాటలు చెప్పే పని ఆ సైగ చేస్తుంది.

పిల్లలు "ఎందుకు?" అని అడిగితే మాత్రం చెప్పాలి. ఒక్క ముక్కలో: "బంతికంటే ముందు వాడి కాలు తగిలింది నాన్నా." వాళ్లకి తెలుసుకోవాలని ఉంటుంది.

లెఫ్ట్ బ్యాక్:
కార్డు సంగతి నాకు తెలీదండీ, పాత విజిల్ గారూ. సరిచేశారు. కానీ పిల్లల లీగ్‌లో ఈ బ్యాక్‌పాస్ రూలే పెట్టరు చాలాచోట్ల. మరి మేడమ్ ఎందుకు ఊదినట్టు?

పాత విజిల్:
మంచి మాట. ఆఫ్‌సైడ్, బ్యాక్‌పాస్, త్రో సరిగ్గా వేయకపోతే మళ్లీ వేయనివ్వడం, ఇవన్నీ ఆ టోర్నమెంట్ పెట్టినవాళ్లు తగ్గించి రాసుకోవచ్చు. అమ్మా, మీరు ఆదివారం విజిల్ పట్టుకునేముందు ఆ కాగితం అడిగి తీసుకుని, ఇద్దరు కోచ్‌లనీ పిలిచి గట్టిగా చదవండి. త్రో విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. అసలు నియమం ప్రకారం తప్పు త్రో వేస్తే ఎదుటి జట్టుకి ఇవ్వాలి. కాగితంలో ఏమీ రాయకపోతే నేను అదే చేస్తాను, ఎనిమిదేళ్ల పిల్లాడికైనా.

సైడ్‌లైన్:
ఎనిమిదేళ్లవాడికి ఒకసారి చూపించి మళ్లీ వేయించడమే నయమని నేననుకుంటాను. వాడు నేర్చుకుంటాడు కదా. దీని మీద ఎప్పుడూ మాకు పడదు.

ముగ్గురు పిల్లల నాన్న:
సొంత కొడుకు ఆడే మ్యాచ్‌కి తల్లే రిఫరీగా ఉండటం అసలు సరైనదేనా? నేనైతే ఉండను.

పాత విజిల్:
వేరే మనిషి దొరికితే ఉండకపోవడమే మేలు. దొరకనప్పుడు మొదలుపెట్టేముందే ఎదుటి కోచ్‌తో "గోల్‌కీపర్ మా వాడే" అని చెప్పేయండి. లేదా రెండు సగాలకీ రెండు జట్ల నుంచి ఒక్కో పేరెంట్ నిలబడండి. ఇంకొక మాట చెప్తాను, మనవాడికి అన్యాయం చేయడం ఎక్కువగా మనమే. పక్షపాతం అంటారేమోనని మన పిల్లాడి మీదే ఎక్కువ ఊదుతాం. మా అమ్మాయి చాలారోజులు నాతో మాట్లాడలేదు దీనివల్లే.

గోల్‌కీపర్ అమ్మ:
చదివాక గుండె కాస్త తేలికైందండీ. మా వాణ్ని అడిగాను. "నువ్వు ఊదింది తప్పు కాదమ్మా, వాళ్లు నీ మీద అరిచారని ఏడ్చాను" అన్నాడు. కాగితం నిర్వాహకులని అడిగాను, రేపు పంపుతామన్నారు. ఎదుటి జట్టు కోచ్‌తో రెండో సగం వాళ్ల పేరెంట్ ఎవరైనా నిలబడతారా అని మాట్లాడాలి. ఇన్‌డైరెక్ట్‌కి చెయ్యి ఎంతసేపు ఎత్తి ఉంచాలో ఇంకా సరిగ్గా అర్థం కాలేదు. బంతి ఎవరికీ తగలకుండా బయటికి పోతే?

పాత విజిల్:
బయటికి పోయిందా, దించేయండి. ఇంకొకరికి తగిలినా దించేయండి. నేరుగా గోల్ పడే అవకాశమే లేదని తేలిపోయినా దించొచ్చు. ఈ మూడింట్లో ఏది ముందు జరిగితే అదే.