డల్లాస్–లండన్ మీటింగ్ మార్చిలో మూడు వారాలు నాకు గంట ఆలస్యంగా పడుతోంది, ఏం చేయాలి?

నేను డల్లాస్‌లో, టీమ్ లండన్‌లో. ప్రతి సోమవారం మాకు ఉదయం 9, వాళ్లకు మధ్యాహ్నం 3. సిరీస్ పెట్టింది లండన్ నుంచి, జోన్ Europe/London.

2026లో అమెరికా గడియారాలు మార్చి 8న ముందుకు జరిగాయి, బ్రిటన్‌లో 29న. ఆ మధ్య తేడా 6 గంటల నుంచి 5కి తగ్గి, మార్చి 9, 16, 23 తేదీల్లో మీటింగ్ నాకు 10కి వచ్చి ఇంకో కాల్‌తో ఢీకొంది. అక్టోబర్ 26న మళ్లీ ఇదే: వాళ్లు 25న వెనక్కి తిప్పుతారు, మేం నవంబర్ 1న.

జోన్‌ను America/Chicago చేసి చూశాం. అప్పుడు వాళ్లకు 2 గంటలకు పడింది, అది వాళ్ల లంచ్ టైమ్. UTC ఇంకా ఘోరం, వేసవి అంతా ఇద్దరికీ గంట ఆలస్యం. ఆ మూడు సోమవారాలనూ విడిగా మార్చి లండన్ 2:30, డల్లాస్ 9:30కి పెట్టాం. అందరికీ కుదిరింది కానీ, తర్వాత ఎవరో సిరీస్‌లో మీటింగ్ రూమ్ మార్చగానే మా మార్పులన్నీ ఎగిరిపోయాయి.

సిరీస్‌ను ఎడిట్ చేసినా ఆ నాలుగు సోమవారాల టైమ్ చెదరకుండా ఉండాలంటే క్యాలెండర్‌లో ఎలా పెట్టాలి?