కలిసిన వెంటనే మూత్రంలో మంట: అది ఇన్ఫెక్షనేనా?

మల్లిక: పెళ్లై మూడు వారాలైంది. కలిసిన వెంటనే మూత్రానికి వెళ్తే చురుక్కుమని మంట. తెల్లారేసరికి తగ్గిపోతుంది. మా అక్క ఇన్ఫెక్షన్ అంటోంది, ఆయన కొత్త కదా సర్దుకుంటుంది అంటారు. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ వేసుకోవచ్చా?

శ్రీలత: వేసుకో అమ్మా, ఆలస్యం చేయకు. నాకూ కొత్తలో ఇలాగే మొదలైంది. మర్నాటికి పది నిమిషాలకోసారి బాత్రూమ్‌కి పరుగు, తీరా వెళ్తే నాలుగు చుక్కలు. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజు వణుకుతో జ్వరం, నడుం పక్కన పోటు. కిడ్నీ దాకా పాకిందని ఆసుపత్రిలో చేర్చుకున్నారు.

వసుధ (గైనకాలజిస్టు): శ్రీలత గారూ, మీకు వచ్చింది ఇన్ఫెక్షనే. ఆ వణుకు, నడుం పోటు, వాటితో వాంతులు కనబడితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. కానీ మల్లిక చెప్పినదాంట్లో నాకు అనుమానం వచ్చింది ఆ "వెంటనే" దగ్గర, "తెల్లారేసరికి తగ్గిపోతుంది" దగ్గర.

ఆడవాళ్లలో మూత్రనాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే. మలద్వారం దగ్గర ఉండే ఈ-కోలై బ్యాక్టీరియా కలయికలో ముందుకు జరిగి, నాళంలోంచి పైకి చేరుతుంది. అయితే మూత్రాశయంలో అది పెరగడానికి కొంత సమయం కావాలి. అందుకే ఇన్ఫెక్షన్ మంట సాధారణంగా ఒకటి రెండు రోజులకు మొదలవుతుంది, దానంతటది ఉదయానికల్లా పోదు. మళ్లీ మళ్లీ వెళ్లాలనిపిస్తుంది, పొత్తికడుపు బరువుగా ఉంటుంది, మూత్రం మసకగా మారవచ్చు.

రాపిడికి చర్మం గీసుకుపోతే మాత్రం, ఉప్పగా ఉండే మూత్రం తగిలిన క్షణమే బయటే చురుక్కుమంటుంది. మూత్రం పోసేటప్పుడు మగ్గుతో గోరువెచ్చని నీళ్లు మీద పోసుకుంటూ చూడమ్మా. మంట బాగా తగ్గితే అది బయటి చర్మానిదయ్యే అవకాశం ఎక్కువ. ఇది గుర్తు మాత్రమే, పరీక్షకు బదులు కాదు.

రమణ: మా ఆవిడకి ఇలాగే ఉండేది. వెంటనే మూత్రానికి వెళ్లాలి, తర్వాత యాంటీసెప్టిక్ కలిపిన నీళ్లతో లోపల శుభ్రంగా కడగాలి. క్రిములే ఉండవు.

మల్లిక: అది చేస్తూనే ఉన్నానండీ! పెళ్లికి ముందు ఫ్రెండ్ ఇచ్చిన వాసన లిక్విడ్‌తో ప్రతిసారీ కడుక్కుంటున్నా. నిన్న రెండు మాత్రలు కూడా వేసేసుకున్నా.

వసుధ: మంటకు ఒక కారణం ఆ లిక్విడే కావచ్చు. రమణ గారి మాటలో మొదటి సగం పర్వాలేదు, రెండో సగం మానేయండి. లోపల మేలుచేసే లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా ఉంటుంది, ఈ-కోలైని అడ్డుకునేది అదే. యాంటీసెప్టిక్ దాన్నీ చంపుతుంది, గీసుకున్న చర్మాన్ని ఇంకా మండిస్తుంది. బయట మామూలు నీళ్లు చాలు, తుడుచుకోవడం ముందు నుంచి వెనక్కి.

ఆ మాత్రలు ఆపండి. యాంటీబయాటిక్ పడ్డాక, మూత్రంలోని క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్ష చేస్తే, క్రిమి ఉన్నా దొరక్కపోవచ్చు. మంట రోజంతా నిలిస్తే డాక్టరుకు ఈ మాత్రల సంగతి చెప్పి, మొదటి ధార వదిలేసి మధ్యలో వచ్చే మూత్రం పట్టి కల్చర్‌కి ఇవ్వండి. నెలసరి తప్పి ఉంటే అదీ చెప్పాలి. దురద, దుర్వాసనతో తెల్లబట్ట, పుండ్లు ఉంటే పరీక్షలు వేరు, అవి ఇద్దరికీ అవసరం కావచ్చు.

ఇప్పటికి రెండు మూడు రోజులు విరామం. తర్వాత తొందర పడకండి, తడి లేకుండా కలిస్తే చర్మం చీరుకుంటుంది. నీటి ఆధారిత జెల్ వాడండి. కండోమ్ వాడుతుంటే నూనె వద్దు, లేటెక్స్ దెబ్బతింటుంది.

నాగమణి: అందరూ వెంటనే మూత్రానికి వెళ్లమంటారు. నేను ఏడాదిగా ఒక్కసారీ మానలేదు. అయినా మూడుసార్లు కల్చర్‌లో ఈ-కోలై వచ్చింది. దీనివల్ల లాభం లేదనే నేనంటాను.

రమణ: మీకు పనిచేయలేదంటే ఎవరికీ పనిచేయదనా? మా ఇంట్లో పనిచేసింది.

వసుధ: నాగమణి గారు అన్నదాంట్లో నిజముంది. దీనికి గట్టి రుజువు లేదు. నష్టం లేదు కనుక చెబుతాం, అంతే. నీళ్లకు కాస్త మెరుగైన రుజువుంది. తక్కువ నీళ్లు తాగే, తరచూ ఇన్ఫెక్షన్ వచ్చే స్త్రీలు రోజుకు మరో లీటరున్నర తాగితే అవి తగ్గాయి. మీరు కండోమ్ వాడుతుంటే, పెట్టె మీద "స్పెర్మిసైడ్" అని ఉందేమో చూడండి. వీర్యకణాలను చంపే ఆ మందు లాక్టోబాసిల్లస్‌ని తగ్గిస్తుంది. ఏడాదికి మూడుసార్లంటే, కలిసిన తర్వాత ఒక్క డోసు యాంటీబయాటిక్ వాడే పద్ధతి గురించి మీ డాక్టరుతో మాట్లాడాలి.

నాగమణి: పెట్టె చూశాను, ఉంది. మారుస్తాను. కానీ పెళ్లైన మొదటి నెల అవి వాడనే లేదు, అప్పుడూ ఒకసారి వచ్చింది.

మల్లిక: వారమైంది. లిక్విడ్ మానేశా, నిన్న జెల్ వాడాం. మగ్గు నీళ్లు పోస్తే మంట తెలియలేదు, పోయకపోతే కొంచెం చురుక్కుమంది. పదే పదే వెళ్లాలని లేదు. అక్క మాత్రం ఇంకా మాత్రల కోర్సు పూర్తి చేయమనే అంటోంది.