అమ్మకు హెల్త్ ఇన్సూరెన్స్: 22,000దా, 34,000దా?

నల్లగొండ బిడ్డ: అమ్మకు 61 ఏళ్లు, షుగర్ మాత్రలు వాడుతోంది, మోకాళ్లు బాగా నొస్తున్నాయి. 5 లక్షల కవర్‌కు రెండు కోట్స్ వచ్చాయి. ఒకటి ఏడాదికి 22,000: గది అద్దె రోజుకు కవర్‌లో 1 శాతం వరకే, కో-పే అంటే ఖర్చులో మన వాటా 20 శాతం, షుగర్‌కు 3 ఏళ్ల వెయిటింగ్. ఇంకోటి 34,000: గదికి పరిమితి లేదు, కో-పే లేదు, షుగర్‌కు 2 ఏళ్లు. ఏది తీసుకోవాలి? మాకు తెల్ల కార్డు లేదు.

మిర్యాలగూడ మిల్లు: ఇందులో అడిగేదేముంది తమ్మీ? కవర్ రెండింటికీ 5 లక్షలే. ఏడాదికి 12,000 మిగిలితే ఐదేళ్లకు 60,000.

పాలమూరు పిల్ల: కవర్ ఒకటే అన్నా, చేతికొచ్చేది ఒకటి కాదు. నేను హైదరాబాద్‌లో ఆస్పత్రి బిల్లింగ్‌లో పనిచేస్తా. మోకాలి మార్పిడి బిల్లు 2,80,000 అనుకుందాం. నాలుగు రోజులు, గది రోజుకు 8,000, అంటే 32,000. సర్జన్, థియేటర్, నర్సింగ్ చార్జీలు 1,28,000. ఇంప్లాంట్, మందులు, పరీక్షలు 1,20,000.

చౌక పాలసీలో గదికి రోజుకు 5,000 దాటి ఇవ్వరు, అంటే 20,000. అక్కడితో ఆగితే బాగుండేది. 8,000 గదిలో ఉన్నందుకు సర్జన్, థియేటర్ ఖర్చులో కూడా ఎనిమిదింట ఐదు వంతులే లెక్కిస్తారు, 80,000. ఇంప్లాంట్, మందులు, పరీక్షల జోలికి పోరు. మొత్తం 2,20,000 అయింది. అందులోంచి 20 శాతం కో-పే పోతే వచ్చేది 1,76,000. మిగతా 1,04,000 మీ జేబులోంచే.

దేవరకొండ సార్: ఇవన్నీ కాకి లెక్కలు. మా నాన్నకు కంటి శుక్లాల ఆపరేషన్ చేయిస్తే పాలసీ తీసుకుని పది నెలలే అయిందని పైసా ఇవ్వలేదు. బ్యాంకులో వేసుకోండి.

పాలమూరు పిల్ల: సార్, చాలా పాలసీల్లో శుక్లాలు, హెర్నియా, మోకాలి మార్పిడికి రెండేళ్ల వెయిటింగ్ ఉంటుంది. జబ్బు కొత్తదైనా అంతే. ఖరీదైన పాలసీ తీసుకున్నా అమ్మ మోకాళ్లకు వచ్చే ఏడాదే డబ్బులు రావు. అయితే ప్రమాదంలో మోకాలు దెబ్బతింటే ఈ వెయిటింగ్ వర్తించదు.

దేవరకొండ సార్: ఆ మాట మాకు సంతకం పెట్టించుకున్నప్పుడు ఎవరూ చెప్పలేదు. నా ప్రశ్న అదీ.

సూర్యాపేట శ్రీను: ఇంతకీ షుగర్ 2 ఏళ్లా 3 ఏళ్లా అన్నది అంత పెద్ద తేడానా?

మిర్యాలగూడ మిల్లు: అమ్మా, నువ్వే 8,000 గది పెట్టి, నువ్వే కోత పెట్టి, మమ్మల్ని భయపెడుతున్నావు. 5,000 గదిలో ఉంటే ఆ కోత రాదు కదా? పైగా చిన్న గది తీసుకుంటే సర్జన్ బిల్లు కూడా తగ్గుతుంది. మీ ఆస్పత్రుల వాళ్లకు పెద్ద గది అంటగట్టడమే పని.

పాలమూరు పిల్ల: గది కోత రాదు, ఒప్పుకుంటా. కో-పే మాత్రం ఏ గదిలో ఉన్నా పోదు. 5,000 లోపు గది దొరకాలి కూడా. పేషెంట్ స్ట్రెచర్ మీద ఉన్నప్పుడు చౌక గది ఖాళీ లేదంటే మీరు వెనక్కి తీసుకుపోతారా?

మిర్యాలగూడ మిల్లు: హైదరాబాద్ ఎందుకు పోవాలి? నల్లగొండలో ఆర్థో డాక్టర్లు లేరా? మా చెల్లె కాలు ఇక్కడే బాగయింది. మీకు హైదరాబాద్ అంటేనే ఆస్పత్రి!

పాలమూరు పిల్ల: ఇదీ అసలు సంగతి. మీరు నల్లగొండ లెక్క వేస్తున్నారు, నేను హైదరాబాద్ లెక్క వేస్తున్నా. నల్లగొండలోనే చూపిస్తే గది పరిమితి పెద్దగా అడ్డు రాకపోవచ్చు. అప్పుడు 12,000కు మీరు కొనేది ప్రధానంగా కో-పే లేకపోవడం, షుగర్‌కు ఒక ఏడాది ముందు కవర్. గుండెకో కిడ్నీకో హైదరాబాద్ పోవాల్సి వస్తే మాట వేరు.

తమ్ముడూ, ఇంకోటి చూడు. కొన్ని పాలసీల్లో ఊరిని బట్టి జోన్ ఉంటుంది. నల్లగొండ చిరునామాతో ప్రీమియం తక్కువ, పెద్ద నగరంలో చేరితే అదనంగా కో-పే. ఆ 22,000 అందుకే తక్కువేమో, పాలసీ పత్రంలో 'జోన్' అన్న చోట వెతుకు.

నల్లగొండ బిడ్డ: వెతికాను అక్కా. 22,000 దాంట్లో ఉంది. వేరే జోన్‌లో చేరితే ఇంకో 10 శాతం అట. ఏజెంట్ చెప్పలేదు. హైదరాబాద్ ఏ జోన్ కిందికి వస్తుందో రాసివ్వమని మెయిల్ పెట్టా.

మిర్యాలగూడ మిల్లు: అయినా సరే, నల్లగొండ దాటకుంటే 22,000దే.

పాలమూరు పిల్ల: దాటకుంటే.

దేవరకొండ సార్: శుక్లాల గురించి ఎవరూ జవాబు చెప్పలేదు.