కోడింగ్ బూట్‌క్యాంప్ ప్రచారం: చిన్న వీడియోలో పాఠం చెప్పాలా, ప్రకటనే పెట్టాలా?

గోరింక: మా ఆన్‌లైన్ కోడింగ్ బూట్‌క్యాంప్ కోసం నిమిషంలోపు పాఠాలు వీడియోలుగా పెడుతున్నాం. చూసేవాళ్ళు బాగానే ఉన్నారు, చేరేవాళ్ళే లేరు. పాఠాలు మానేసి నేరుగా ప్రకటనలే చేయడం మంచిదా?

వానపిట్ట: నిమిషం ఎక్కువండీ, 15 సెకన్లకి కుదించండి. అక్షరాలు ఫోన్‌లో చదవగలిగేంత పెద్దగా ఉండాలి. కింద వివరణలో లింక్ పెట్టేస్తే ఆసక్తి ఉన్నవాళ్ళే నొక్కుతారు.

చుక్కాని: అక్షరాల మాట నిజమే. లింక్ సంగతి మాత్రం అలా లేదు, యూట్యూబ్ షార్ట్స్ వివరణలో లింకులు 2023 ఆగస్టు 31 నుంచి నొక్కినా తెరుచుకోవు. అక్కడ 'రిలేటెడ్ వీడియో'గా మీ పొడుగు వీడియో ఒకటి తగిలించి, లింక్ దాని వివరణలో ఇవ్వాలి.

గోరింక గారూ, పాఠం మానకండి, పాఠాన్ని ఎక్కడ ఆపుతున్నారో చూడండి. జావాస్క్రిప్ట్‌లో ఇది తీసుకోండి:

```
[10, 9, 1].sort()
// [1, 10, 9]
```

మొదటి మూడు సెకన్లలో పలకరింపులూ లోగో వద్దు, ఈ తప్పు వరసే తెర మీద కనబడాలి. తర్వాత కారణం చెప్పండి: ఏమీ చెప్పకపోతే `sort` అంకెల్ని కూడా మాటల్లాగే పోల్చి పేరుస్తుంది, అందుకే 1తో మొదలయ్యే 10 వచ్చి 9 కంటే ముందు కూర్చుంటుంది. ఆ వెంటనే `sort((a, b) => a - b)` రాసి సరైన వరస చూపించండి. ఇక్కడితో ఆపేస్తే చూసినవాడు తృప్తిగా వెళ్ళిపోతాడు, మీకు జరుగుతున్నది అదేనని నా అనుమానం. చివర్లో "మరి పేర్లూ మార్కులూ కలిసిన జాబితాని మార్కుల ప్రకారం ఎలా పేరుస్తారు?" అని అడిగి, బ్రౌజర్‌లోనే చేసి చూసుకునే చిన్న ఉచిత అభ్యాసానికి పంపండి. ఫీజుల పేజీకి మాత్రం పంపొద్దు.

ఒక్కో వీడియో లింకుకీ `utm_content=sort` లాంటి వేరే గుర్తు పెట్టండి. ఎవరూ నొక్కకపోతే లోపం చాలావరకు వీడియో చివర్లో ఉంటుంది. నొక్కి కూడా అభ్యాసం మొదలుపెట్టకపోతే ఆ పేజీని బాగుచేసుకోవాలి.

నడిరేయి: ఉద్యోగం వెతుకుతూ నేను ఇలాంటి వీడియోలు చూసే ఒక బూట్‌క్యాంప్‌లో చేరాను. "మూడు నెలల్లో ఉద్యోగం ఖాయం" అన్నారు. ఖాయమన్నది ఎవరికి, ఏ షరతుల మీద అనేది చేరాకే తెలిసింది, ఆ టెన్షన్ ఇంకా పోలేదు. పాఠమైనా ప్రకటనైనా సరే, దయచేసి ఆ మాట వాడకండి.

గోరింక: నిజమే, మేమూ ప్రతి వీడియోలో జవాబు చెప్పేసి ముగిస్తున్నాం. ఉద్యోగం ఖాయమని అనలేదు, అనం కూడా. కానీ కాలేజీ పిల్లలకి ఈ `sort` పాఠం బాగుంటుంది, ఉద్యోగం వెతికేవాళ్ళకీ ఇదే పెట్టాలా?

చుక్కాని: వాళ్ళకైతే ఇదే తప్పుని ఇంటర్వ్యూ ప్రశ్నగా మొదలుపెడతాను.

వానపిట్ట: నాకైతే అది నచ్చలేదు. ఇంటర్వ్యూ అనగానే భయపడి స్క్రోల్ చేసేవాళ్ళే ఎక్కువ. రెండు రకాలూ చేసి, ఏ లింకు నుంచి అభ్యాసం పూర్తి చేసినవాళ్ళు ఎక్కువొచ్చారో ఇక్కడ చెప్పండి గోరింక గారూ.