బిల్లు 10.50 కోట్లు, పని ఎంత? మార్చి 31 నాటి ఆదాయంపై చర్చ

గాజువాక ఖాతాలు (ప్రశ్న)
విశాఖలో ఒక ప్రైవేట్ లిమిటెడ్ కాంట్రాక్టు సంస్థలో అకౌంటెంట్‌ని. అచ్యుతాపురం దగ్గర గోదాము కడుతున్నాం. జీఎస్టీ కాకుండా కాంట్రాక్టు విలువ 20 కోట్లు, మొత్తం ఖర్చు అంచనా 17 కోట్లు. మార్చి 31 నాటికి ఖర్చు 6.80 కోట్లు. అందులో 1.70 కోట్లు సైటుకు చేరి ఇంకా నిలబెట్టని ఉక్కు సామగ్రి. దశలవారీ బిల్లులు మాత్రం 10.50 కోట్లకు వెళ్లాయి: పునాది పైల్స్ పూర్తికి 25 శాతం, ప్లింత్‌కు 15 శాతం, ఉక్కు సైటుకు చేరినందుకు 12.5 శాతం. క్లయింట్ ఇంజినీరు అన్నిటికీ సంతకం చేశారు, జీఎస్టీ కట్టేశాం. మా ఎండీ గారు ఆదాయం 10.50 అంటారు. 17లో 6.80 అయింది కాబట్టి 40 శాతం అని, నా లెక్కకు 8 వస్తోంది. ఆడిటర్ గారు 6 అంటున్నారు. ఎవరిది సరి?

పైలింగ్ రాజు
మీ ఎండీ గారిదే సరి. క్లయింట్ ఇంజినీరు సంతకం పెట్టాక ఇంకా అనుమానం ఏమిటి? ప్రభుత్వానికి 18 శాతం పన్ను కట్టిన బిల్లును ఆదాయం కాదంటే ఆ పన్ను దేని మీద కట్టినట్టు? ఆడిటర్లు సైటు చూడరు, కాగితం చూస్తారు.

పాత ఆడిటరు
రాజు గారూ, ఆ మాట ప్రకారమే లెక్క వేసి చూద్దాం. 10.50 ఆదాయం, 6.80 ఖర్చు రాస్తే ఈ ఏడాది లాభం 3.70 కోట్లు. మొత్తం కాంట్రాక్టులో మిగిలేదే 3 కోట్లు! వచ్చే ఏడాదికి మిగిలే ఆదాయం 9.50, మిగిలే ఖర్చు 10.20. అంటే అనుకున్న ఖర్చుకే పని సక్రమంగా పూర్తి చేసినా వచ్చే ఏడాది 70 లక్షల నష్టం చూపించాలి. ఏ తప్పూ జరగకుండానే నష్టం వచ్చే లెక్క పని తీరును చెప్పడం లేదని అర్థం, బిల్లుల షెడ్యూలును చెబుతోంది.

జీఎస్టీ దారి వేరు. అది ఇన్‌వాయిస్ వెంట, సేవలకైతే అడ్వాన్స్ వెంట కూడా నడుస్తుంది. పని ఎంతయిందని అడగదు. ఆ తేడాను వార్షిక రిటర్నుతో పాటు జీఎస్టీఆర్-9సీలో వివరించుకుంటారు. పన్ను కట్టినంత మాత్రాన పుస్తకాల్లో ఆదాయం అయిపోదు. కాంట్రాక్టులకు వర్తించే ఏఎస్ 7 అకౌంటింగ్ ప్రమాణంలోనే ఈ సంగతి ఉంది: క్లయింట్ ఇచ్చే దశలవారీ చెల్లింపులు, అడ్వాన్సులు చేసిన పనిని ప్రతిబింబించకపోవచ్చు.

పైలింగ్ రాజు
అయితే ఇంజినీరు సర్టిఫికెట్‌కు విలువే లేదా? చేసిన పనిని కొలిచి లెక్కించడం కూడా ఆమోదించిన పద్ధతే అని మా ఆడిటర్ గారే చెప్పారు.

ఎం-బుక్ మాస్టారు
ఈ మాటలో రాజు గారికి సగం న్యాయం ఉంది. ముప్పై ఏళ్లకు పైగా సైటు కొలతలు నమోదు చేసే ఎం-బుక్‌లు రాసినవాడిని, కొలతను తక్కువ చేసి మాట్లాడను. చేసిన పనిని కొలిచి పూర్తయిన శాతం తేల్చడం ఏఎస్ 7 ఒప్పుకునే దారే. ప్రతి అంశానికి న్యాయమైన రేటు ఉండి, ఎప్పటికప్పుడు వేసే ఆర్‌ఏ బిల్లు ఘనపు మీటర్ల మీద, టన్నుల మీద నడుస్తుంటే ఆ బిల్లే ఒక్కోసారి ఖర్చు లెక్క కన్నా మంచి కొలమానం.

ఇక్కడ జరిగింది వేరు. ఇంజినీరు సంతకం చెప్పేది పైల్స్ పూర్తయ్యాయని మాత్రమే. పైల్స్ అంటే భవనంలో నాలుగో వంతు అని ఆయన ఎక్కడా సంతకం చేయలేదు. ఆ 25 శాతం బేరసారాల్లో పుట్టిన అంకె. టెండరు వేసే ప్రతివాడూ మొదటి దశల్లో డబ్బు బరువు పెట్టుకుంటాడు, రిగ్గులకూ సిమెంటుకూ చేతి డబ్బు పెట్టకుండా నడుస్తుందని. నేనూ పెట్టించాను, అందులో తప్పు లేదు. పైల్స్, ప్లింత్ కలిపి బిల్లు 8 కోట్లు. వాటికి అయిన ఖర్చు 6.80లో ఉక్కు పోగా 5.10. మొత్తం కాంట్రాక్టుకు ఉన్న నిష్పత్తిలోనే లాభం వేస్తే ఆ పని విలువ 6 కోట్లు. పైనున్న 2 కోట్లు రేపు గోడలకూ, ఫ్లోరింగ్‌కూ రావలసిన డబ్బు. ముందే చేతికి వచ్చింది, అంతే. పుస్తకాల్లో అది అప్పుల వైపు నిలుస్తుంది.

సీతమ్మధార సీఏ విద్యార్థి
ఇది పెద్ద కంపెనీలు పాటించే ఇండ్ ఏఎస్ 115 ప్రమాణం ప్రశ్న. ఇంకా అమర్చని సామగ్రి ఖరీదు ఎక్కువగా ఉండి, దాని మీద క్లయింట్‌కు ముందే ఆధీనం వస్తే, శాతం లెక్క నుంచి దాన్ని తీసేసి, దాని ఖరీదు మేరకే లాభం లేకుండా ఆదాయం రాయాలి. అలా 1.70 తీసేస్తే ఖర్చు అంచనా 15.30లో 5.10, అంటే మూడో వంతు. కాంట్రాక్టు విలువలోనూ అది పోగా మిగిలిన 18.30లో మూడో వంతు 6.10, దానికి 1.70 కలిపితే 7.80 కోట్లు. కాబట్టి ముగ్గురూ తప్పే.

పాత ఆడిటరు
లెక్క చక్కగా వేశావు బాబూ, పెట్టవలసిన చోటు ఇది కాదు. లిస్టు కాని కంపెనీకి ఇండ్ ఏఎస్ రావాలంటే నికర విలువ 250 కోట్లు చేరాలి, లేదా అలాంటి గ్రూపులో ఉండాలి. ప్రశ్న అడిగినవారిది ఆ స్థాయి అనిపించడం లేదు, కాబట్టి ఏఎస్ 7. అందులో ‘ఖరీదు మేరకు ఆదాయం’ అనే మధ్యదారి లేదు. సైటుకు చేరి ఇంకా వాడని సామగ్రి శాతం లెక్కలోకి రాదు, ఆస్తిగా నిలుస్తుంది. 17లో 5.10 అంటే 30 శాతం, ఆదాయం 6 కోట్లు, లాభం 90 లక్షలు. మీ ఆడిటర్ గారు ఇక్కడి నుంచే వచ్చారు. మీ 8 కోట్లు ఆ 1.70ని కూడా చేసిన పనిగా లెక్కపెట్టడం వల్ల వచ్చింది.

మధురవాడ ఫ్లాటు
మాకూ ఇదే జరిగింది! బిల్డరు మా దగ్గర 80 శాతం తీసుకున్నాడు, భవనం సగంలో ఆగింది. ఆ ఎక్కువ డబ్బు అతని పుస్తకాల్లో అప్పుగా ఉంటుందన్నమాట. దాన్ని వెనక్కి అడగవచ్చా?

పాత ఆడిటరు
అమ్మా, మీది అమ్మకపు ఒప్పందం, ఇక్కడ నడుస్తున్నది కాంట్రాక్టరు లెక్క. మీకు పనికొచ్చేది రెరా చట్టం. కొనుగోలుదారుల డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉండాలి, పని ఎంత శాతం అయిందో ఇంజినీరు, ఆర్కిటెక్టు, సీఏ ధ్రువీకరించిన మేరకే బిల్డరు తీసుకోవాలి. ఆ ధ్రువపత్రాల గురించి రెరాలో అడగండి.

గాజువాక ఖాతాలు
అందరికీ ధన్యవాదాలు. ఎండీ గారికి చూపించాను. 70 లక్షల నష్టం మాట విని కాసేపు ఊరుకున్నారు. తర్వాత ఆయన అన్నది ఇదీ: ‘6 రాస్తే బ్యాంకు వాళ్లు టర్నోవర్ పడిపోయిందంటారు. పైగా ఆ తేడా అప్పుల్లో కూర్చుంటే కరెంట్ రేషియో పాడవుతుంది. టీడీఎస్ వివరాలుండే 26ఏఎస్‌లో 10.50 కనిపిస్తుంది, ఆదాయపన్ను వాళ్లు నోటీసు పంపుతారు.’

పాత ఆడిటరు
నోటీసు రావచ్చు, జవాబు సులువు. ఆదాయపన్ను లెక్కకు ఐసీడీఎస్ 3 అనే వేరే ప్రమాణం ఉంది, అదీ పూర్తయిన శాతం పద్ధతే, భవిష్యత్తు పనికి సంబంధించిన ఖర్చును అదీ శాతంలో కలపనివ్వదు. క్లయింట్ 10.50 మీద 2 శాతం చొప్పున 21 లక్షల టీడీఎస్ కోసి ఉంటాడు. ఆదాయం 6 చూపిస్తే ఈ ఏడాది 12 లక్షలకే క్రెడిట్ అడగాలి, మిగతా 9 లక్షలు ఆదాయం చూపే ఏడాదికి రిటర్నులో ముందుకు తీసుకెళ్లాలి. నోటీసులు చాలావరకు ఇక్కడే వస్తాయి: ఆదాయం 6 చూపి క్రెడిట్ 21 మొత్తం అడిగేస్తారు.

బ్యాంకు సంగతిలో మీ ఎండీ గారి భయం నిజమే. తేడా అప్పుల వైపే కూర్చుంటుంది, క్లయింట్ ఇంకా చెల్లించని బిల్లులు ఉంటే అవి బాకీల్లోనూ కనిపిస్తాయి. అయినా బ్యాంకు మేనేజరు చూడవలసింది ఆ నిష్పత్తి ఒక్కటే కాదు. ముందుగా వచ్చిన డబ్బు ఎక్కడుంది? ఖాతాలోనో, ఈ సైటు సామగ్రిలోనో ఉంటే భయం లేదు. ఇంకో సైటు జీతాలకు పోయి ఉంటే, గోడలు లేపే నెలలో బిల్లు చిన్నదిగా వస్తుంది, ఖర్చు పెద్దదిగా ఉంటుంది, అప్పుడు ఓడీ కోసం పరిగెత్తాలి. విశాఖలో మంచి కాంట్రాక్టర్లు లాభాలు చూపిస్తూనే చేతులెత్తేయడం నేను చూసింది ఇలాగే.

పైలింగ్ రాజు
ఆ పరుగు నాకూ తెలుసు. సరే, 10.50 వదిలేస్తాను. కానీ 6 మాత్రం ఒప్పుకోను. ఆ ఉక్కు బజారులో కొన్న కడ్డీలు కాదు కదా. ఆ గోదాము డ్రాయింగు ప్రకారం కోసి, వెల్డింగ్ చేసి, రంధ్రాలు పెట్టిన కాలమ్స్, రాఫ్టర్లు. ఇంకెవరికీ పనికిరావు. ఫ్యాబ్రికేషన్ యార్డులో నెలల పని అందులో ఉంది.

ఎం-బుక్ మాస్టారు
ఈసారి రాజు గారితో నేను ఏకీభవిస్తాను.

పాత ఆడిటరు
నేను కూడా చాలావరకు. వాడని సామగ్రిని కలపవద్దన్న ఆ నిబంధనలోనే ‘ఈ కాంట్రాక్టు కోసం ప్రత్యేకంగా తయారుచేసినవి తప్ప’ అని ఉంది. మీ ఆడిటర్ గారు ఆ తోక వదిలేశారేమో. 1.70లో ఏది ఎంత?

గాజువాక ఖాతాలు
ఫ్యాబ్రికేషన్ 1.20, పైకప్పు షీట్లు 50 లక్షలు.

పాత ఆడిటరు
అయితే 5.10కి 1.20 కలిపితే 6.30, దాన్ని 17తో భాగిస్తే దాదాపు 37 శాతం, ఆదాయం 7.41 కోట్లు. డ్రాయింగులు, వెండర్ ఆర్డరు, ఒక్కో కాలమ్ మీద వేసిన మార్కు నంబర్ల ఫోటోలు ఆడిటర్ గారి ముందు పెట్టండి.

పైలింగ్ రాజు
షీట్లు కూడా ఆ పొడవుకే, ఆ రంగులోనే చేయించారు.

పాత ఆడిటరు
పొడవు కోయించినంత మాత్రాన ప్రత్యేకం అంటే బజారులో ఏదీ మిగలదు. షీట్లను నేను కలపను.

ఎం-బుక్ మాస్టారు
నేను కలుపుతాను. వాటిని వెండరు వెనక్కి తీసుకోడు. ఈ వాదన అలా ఉంచండి, నాకు ఇంకో అనుమానం ఉంది. ఆ 17 కోట్లు ఎప్పటి అంచనా? హుద్‌హుద్ తర్వాత ఒక సైటులో, ఎగిరిపోయిన షీట్లు మళ్లీ వేసిన ఖర్చును కూడా శాతంలో కలిపేశారు. పని అడుగు కదల్లేదు, శాతం మాత్రం పెరిగింది. అంచనాతో పోల్చి చూస్తేనే అది బయటపడింది. మీ పైల్స్ డ్రాయింగులో ఉన్న లోతులోనే ఆగాయా, ఇంకా దిగాయా?

గాజువాక ఖాతాలు
దిగాయి. 17 టెండరు నాటి అంచనానే, అప్పటి నుంచి మార్చలేదు.

ఎం-బుక్ మాస్టారు
అయితే 7.41 కూడా ఇంకా ఖాయం కాదు. లోతు పెరగడం నేల స్వభావం వల్ల అయితే ఆ అదనపు ఖర్చు ఇటు చేసిన పనిలోకీ వస్తుంది, అటు మొత్తం అంచనాలోకీ వస్తుంది. పైల్స్ చెడి మళ్లీ వేసినవి ఉంటే వాటిని పనిగా లెక్కపెట్టకండి. మొత్తం 18కి చేరిందనుకోండి, అదే 6.30తో శాతం 35కు దిగుతుంది. 20 దాటితే మిగిలే నష్టమంతా ఈ మార్చిలోనే రాయాలి.

గాజువాక ఖాతాలు
సోమవారం సైటు ఇంజినీరుతో కూర్చుని పైల్ రికార్డులు, మిగిలిన ఆర్డర్లు చూసి అంచనా మళ్లీ వేస్తాం. షీట్ల విషయం మా ఆడిటర్ గారికే వదిలేస్తున్నాను.