వర్కర్‌ను ఆపితే క్యూ పెరుగుతోంది, వదిలేస్తే 429 వస్తోంది

వేణు_బ్యాకెండ్
మా స్టాక్ అప్‌డేట్లు బయటి సర్వీసుకి పోతాయి. వాళ్ల లిమిట్ సెకనుకు 10 కాల్స్. మావి 8 వర్కర్లు, ఒక్కోటీ కాల్ అయ్యాక 100 మిల్లీసెకన్లు స్లీప్ అవుతుంది. అయినా 429 ఆగట్లేదు. క్యూలో 72,000 జాబ్స్ పేరుకుపోయాయి, సెకనుకు 6 కొత్తవి వస్తున్నాయి. స్లీప్ పెంచాలా, వర్కర్లు తగ్గించాలా?

కిరణ్_ఆప్స్
ఒక్క వర్కర్ ఉంచి మిగతావి ఆపేయండి. 429 మాయం.

సుధ_కె
వేణు గారూ, ఒక్కో కాల్‌కి ఎంతసేపు పడుతోంది?

వేణు_బ్యాకెండ్
400 మిల్లీసెకన్లు, కొంచెం అటూఇటూ.

సుధ_కె
అంటే స్లీప్ కలుపుకుని ఒక్కో వర్కర్ సెకనుకు 2 కాల్స్, ఎనిమిదీ కలిపి 16. 429 రాక ఏం వస్తుంది? కిరణ్ గారన్నట్టు ఒక్కటే ఉంచితే ఆ గొడవ పోతుంది, నిజమే, కానీ 6 వచ్చే చోట 2 పోతుంటే క్యూ సెకనుకు 4 చొప్పున పెరుగుతుంది. పోనీ లెక్క చూసుకుని 5 ఉంచారనుకోండి, సరిగ్గా 10 అవుతుంది. వాళ్ల సర్వర్ ఖాళీగా ఉన్న రాత్రి జవాబు 100 మిల్లీసెకన్లలో వచ్చిందంటే అవే 5 వర్కర్లు 25 కాల్స్ కొడతాయి. స్లీప్‌తో వేగం అదుపులో ఉండదండీ, అది రెండు కాల్స్ మధ్య కాస్త ఖాళీ మాత్రమే పెడుతుంది. అన్ని వర్కర్లూ ఒకే చోట టోకెన్ తీసుకున్నాకే కాల్ చేయాలి. రెడిస్‌లో టోకెన్ బకెట్ పెట్టి సెకనుకు 9 వేయండి, బకెట్‌లో 1 కంటే ఎక్కువ నిల్వ ఉండనివ్వకండి. 9 నిల్వ ఉండనిస్తే, కాసేపు ఖాళీగా ఉన్నాక మొదటి సెకనులోనే 18 పోతాయి. 8 వర్కర్లూ ఉంచుకోండి, వాళ్ల సర్వీసు నెమ్మదించినప్పుడు అవి కావాలి.

కిరణ్_ఆప్స్
ఇంత చిన్నదానికి రెడిస్ ఎందుకు? సెలరీలో ఒక్క లైన్ చాలు.

```
@app.task(rate_limit="10/s")
```

సుధ_కె
ఆ లిమిట్ ఒక్కో వర్కర్ ఇన్‌స్టాన్స్‌కి విడిగా వర్తిస్తుంది. 8 విడివిడిగా నడిపితే 80.

కిరణ్_ఆప్స్
ఒకే ఇన్‌స్టాన్స్‌లో concurrency 8 పెట్టొచ్చుగా? అప్పుడు పదే.

సుధ_కె
పదే, ఒప్పుకుంటా. డిప్లాయ్ చేసేటప్పుడు పాతదీ కొత్తదీ కలిసి నడిచే ఆ కాసేపు మాత్రం 20.

కిరణ్_ఆప్స్
ఆ కాసేపటి కోసం ఇంత కథా?

రాజేష్_ఇన్వాయిస్
కాసేపే అనుకోకండి. మా దగ్గర 429 వచ్చిన ప్రతిసారీ రీట్రై లెక్కలో ఒకటి పడేది. 5 దాటితే జాబ్ డెడ్ లెటర్ క్యూలోకి. ఒక పూటంతా ఇన్వాయిస్‌లు అలా పోతే మా మేనేజర్ నన్ను నిలబెట్టి అడిగాడు, లిమిట్ పెట్టిన వాళ్లను ఎవరూ అడగలేదు. 429ని ఫెయిల్యూర్‌గా లెక్కపెట్టకండి. Retry-After ఎంత చెబితే అంతసేపు అన్ని వర్కర్లూ ఆగాలి, దెబ్బ తిన్నది ఒక్కటే ఆగితే లాభం లేదు.

మీనా_డేటా
అందరూ పైపు గురించే మాట్లాడుతున్నారు. సెకనుకు 9 పంపితే, వచ్చేవి 6 పోను మిగిలేది 3. 72,000 తీరడానికి 6 గంటల 40 నిమిషాలు, అదీ మధ్యలో రద్దీ లేకపోతే. వేణు, ఆ క్యూలో ఒకే ఐటమ్ ఎన్నిసార్లు ఉందో చూశారా? స్టాక్ 40, 38, 37 అని మూడు జాబ్స్ ఉంటే పంపాల్సింది 37 ఒక్కటే కదా.

రాజేష్_ఇన్వాయిస్
క్యూలో పడ్డ జాబ్‌ని చెరిపేయడానికి వర్కర్ ఎవరండీ? ఇవాళ స్టాక్ అంటారు, రేపు నా ఇన్వాయిస్ కూడా 'పాతది' అంటారు.

మీనా_డేటా
అబ్బా, మీ ఇన్వాయిస్ ఊసు ఎవరెత్తారు? ప్రతి థ్రెడ్‌లోనూ అదే గోల.

రాజేష్_ఇన్వాయిస్
గోల కాదు. మీ అందరికీ క్యూ ఖాళీ అయితే చాలు. క్యూలో పడ్డ ప్రతి జాబూ అవతలికి చేరాలన్నది నా మాట. ఈ రెండూ ఒకటి కాదు, ముందు అది తేల్చండి.

సుధ_కె
అసలు తగాదా ఇదే, టోకెన్ బకెట్ కాదు. జాబ్‌లో మొత్తం స్టాక్ ఉంటే చివరిది పంపితే చాలు. '3 తగ్గించు' అని తేడా ఉంటే మాత్రం ఒక్కటి వదిలేసినా అవతల లెక్క తప్పుతుంది. వేణు గారూ, మీవి ఏ రకం?

వేణు_బ్యాకెండ్
ఇప్పుడే చూశా. విడి ఐటమ్స్ దాదాపు 19,000. గోడౌన్ నుంచి వచ్చేవి మొత్తం స్టాక్, ఆర్డర్ల వైపు నుంచి వచ్చేవి తేడాలు. రెండూ ఒకే క్యూలో కలిసిపోయి ఉన్నాయి.

కిరణ్_ఆప్స్
తేడాలు కూడేసి ఒక్కటిగా పంపండి.

మీనా_డేటా
మధ్యలో గోడౌన్ మొత్తం ఒకటి వస్తే? దానికి ముందు తేడాలు అందులో కలిశాయో లేదో ఎలా తెలుస్తుంది?

వేణు_బ్యాకెండ్
జాబ్‌లో టైమ్ ఉంది, కానీ అది క్యూలో పడిన టైమ్, స్టాక్ లెక్కపెట్టిన టైమ్ కాదు. ఆర్డర్ల టీమ్ మార్చం అంటోంది. ప్రస్తుతానికి బకెట్ 9కి పెట్టి, గోడౌన్‌వి వేరే క్యూలోకి మళ్లిస్తున్నా. తేడాలు వచ్చిన వరసలోనే పోతాయి.

రాజేష్_ఇన్వాయిస్
రెండు క్యూలైతే ఆ 9 ఎవరికెంత?