ఫిజియాలజీ అధ్యయన బృందాన్ని తరగతిలో ఎలా ప్రతిపాదించాలి?

నమస్కారం. నేను ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. వారానికొకసారి కలిసి ఫిజియాలజీ చదువుకుందామని, వంతులవారీగా ఒక్కో అంశం చెప్పుకుంటూ అందరం ఒకే బొమ్మను పూర్తి చేద్దామని తోటి విద్యార్థుల ముందు ఐదు నిమిషాలు మాట్లాడబోతున్నాను. ఉదాహరణగా హృదయ చక్రాన్ని ఎంచుకున్నాను.

గుండె నిమిషానికి 75 సార్లు కొట్టుకుంటే ఒక చక్రానికి 0.8 సెకన్లు పడుతుంది కనుక, ఆ కాలరేఖను బోర్డుపై గీసి, ఎడమ జఠరిక పీడనాన్ని ఒకరు, బృహద్ధమని పీడనాన్ని మరొకరు, గుండె చప్పుళ్లను ఇంకొకరు దానిపై చేర్చాలని నా ఆలోచన. జఠరిక పీడనం కర్ణిక పీడనాన్ని దాటగానే మిట్రల్ కవాటం మూసుకుంటుంది, మొదటి చప్పుడు అప్పుడే వస్తుంది. కానీ ఆ పీడనం సుమారు 80 మి.మీ. పాదరసాన్ని దాటి బృహద్ధమని కవాటాన్ని తెరిచేదాకా రక్తం బయటికి పోదు. విడివిడిగా బట్టీ పట్టినప్పుడు ఈ రెండు క్షణాలూ ఒకటే అనిపించి, చప్పుడును కవాటం తెరుచుకునే చోట గీసేస్తాం. ముగ్గురి గీతలూ ఒకే కాలరేఖపైకి వస్తే ఆ పొరపాటు అక్కడికక్కడే కనిపిస్తుంది.

ఆ కొద్ది సమయంలో ఈ బొమ్మను గీసి చూపడం మేలా, లేక వారాల ప్రణాళిక వివరించడం మేలా? ఎవరి అంశం వారికే వచ్చి మిగతావి రాకుండా పోయే ప్రమాదం ఉంది కాబట్టి, చెప్పేవారు ఒకరు, బొమ్మను చూడకుండా గీసేవారు మరొకరు అన్న నియమం సరిపోతుందా? ఇలాంటి బృందాన్ని నడిపినవారు దయచేసి తెలుపగలరు.